0.099: వెయ్యో వంతు సెకను పొడవెంత?

2022 జులై 17. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ పట్టణం. ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్‌లో పురుషుల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ మొదలవబోతోంది. గ్యాలరీలో జనం ఎక్కువగా డెవాన్ అలెన్ వైపే చూస్తున్నారు. అతను ఆ ఊరి యూనివర్సిటీలో చదివినవాడు, అదే మైదానంలో ఏళ్ళ తరబడి పరిగెత్తినవాడు. అంతకు నెల ముందే న్యూయార్క్‌లో 12.84 సెకన్లలో పరుగు పూర్తిచేశాడు. అప్పటికి చరిత్రలో అతనికంటే వేగంగా పరిగెత్తినవాళ్ళు ఇద్దరే.

తుపాకీ మోగింది. ఆ వెంటనే మళ్ళీ మోగింది. రెండోసారి మోగిందంటే పరుగు ఆపి వెనక్కి రమ్మని. ఎవరో ముందే కదిలారన్నమాట. ఎరుపు-నలుపు కార్డు తీసుకుని అధికారి వెళ్ళింది అలెన్ దగ్గరికే. యంత్రం చూపించిన అంకె 0.099. అంటే తుపాకీ మోగిన 0.099 సెకన్లకు అతని పాదం బ్లాకును నెట్టింది. నిబంధన ప్రకారం 0.100 కంటే తక్కువైతే ఫాల్స్ స్టార్ట్. అదే రోజు సెమీఫైనల్లో అతని రియాక్షన్ టైమ్ 0.101. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. సెమీఫైనల్లో గీతకు వెయ్యో వంతు ఇవతల ఉన్నాడు, ఫైనల్లో వెయ్యో వంతు అవతల పడ్డాడు.

అలెన్ వాదించాడు. చప్పుడు వినేదాకా తాను కదల్లేదన్నాడు. జనం గట్టిగా గోల చేశారు. ఫలితం లేకపోయింది. ఆ పరుగు గ్రాంట్ హోలోవే 13.03 సెకన్లలో గెలిచాడు.

ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండు. తుపాకీ మోగాక సెకనులో పదో వంతు లోపు మనిషి కదలలేడని ఎలా చెప్పగలం? ఆ వెయ్యో వంతు సెకనును టేపు పెట్టి కొలిస్తే ఎంత దూరం వస్తుంది?

ముందు యంత్రం సంగతి. స్టార్టర్ ‘సెట్’ అనగానే పరుగువీరుడు నడుము పైకెత్తి, రెండు పాదాలను వెనకనున్న స్టార్టింగ్ బ్లాకులకు ఆనించి బిగబట్టుకుంటాడు. ఆ బ్లాకుల్లో పాదం ఎంత బలంతో నొక్కుతోందో కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఒలింపిక్స్‌లో వాడే ఒమెగా బ్లాకులు ఆ బలాన్ని సెకనుకు 4,000 సార్లు కొలుస్తాయి. ‘సెట్’లో కుదురుగా ఉన్నప్పుడు కూడా కొంత ఒత్తిడి ఉంటుంది, గ్రాఫులో అది దాదాపు సమంగా సాగే గీతగా కనిపిస్తుంది. పరుగు మొదలవగానే ఆ గీత నిట్టనిలువుగా లేస్తుంది. అది ముందే నిర్ణయించిన ఒక మట్టం దాటిన క్షణాన్ని యంత్రం పట్టుకుని, తుపాకీ మోగిన క్షణం నుంచి అక్కడిదాకా ఎంతైందో చెబుతుంది. టీవీ తెర మీద మనకు కనిపించే రియాక్షన్ టైమ్ అదే. 0.100 కంటే తక్కువ వస్తే స్టార్టర్ చెవిలోని హెడ్‌ఫోన్‌లో కూత వినిపిస్తుంది.

కాబట్టి యంత్రం కొలిచేది మెదడు స్పందించిన క్షణాన్ని కాదు, పాదం బలం ఒక మట్టం దాటిన క్షణాన్ని. ఈ తేడా గుర్తుంచుకోవాలి, గొడవంతా దీని దగ్గరే మొదలవుతుంది.

ఆ పదో వంతు సెకనులో ఒంట్లో ఏం జరుగుతుంది? చప్పుడు ముందు చెవిని చేరాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. వినడానికి చాలా వేగంగానే ఉన్నా, వందో వంతు సెకనులో అది దాటేది 3.4 మీటర్లే. ట్రాక్ మీద ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. స్టార్టర్ మొదటి లేను పక్కన నిలబడి తుపాకీ పేలిస్తే ఎనిమిదో లేనులో ఉన్నవాడికి ఆ చప్పుడు మొదటి లేనువాడికంటే ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కువ ప్రయాణించి చేరుతుంది. అంటే 0.025 సెకన్ల ఆలస్యం. అందుకే పెద్ద పోటీల్లో ప్రతి లేనులో బ్లాకుల వెనక ఒక స్పీకరు పెడతారు, చప్పుడు అందరికీ ఒకేసారి వినబడాలని. అది కూడా చాలలేదని 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ లెక్కలు తిరగేసిన పరిశోధకులు చూపించారు. స్పీకర్లు ఉన్నా అసలు తుపాకీ మోత దగ్గరివాళ్ళకు ఎక్కువ గట్టిగా వినబడేది. మొదటి లేనులోని వాళ్ళ రియాక్షన్ టైములు మిగతావాళ్ళకంటే తక్కువగా వచ్చాయి. గట్టి చప్పుడుకు మనిషి త్వరగా కదులుతాడని ప్రయోగశాలలోనూ తేలింది. ఇప్పటి ఒలింపిక్స్‌లో స్టార్టర్ చేతిలో ఉండేది ఎలక్ట్రానిక్ తుపాకీ. మోత స్పీకర్లలోంచే వస్తుంది.

చెవిలో పడ్డ చప్పుడు మెదడుకు చేరడానికి వందో వంతు సెకను సరిపోతుంది. అక్కడి నుంచి ‘లే’ అన్న ఆజ్ఞ వెన్నుపాము మీదుగా కాలి కండరం దాకా రావాలి. నరాల్లో ఆ సంకేతం సెకనుకు యాభై, అరవై మీటర్ల వేగంతో వెళుతుంది. మీటరు పైచిలుకు దారికి 0.02 సెకన్ల దాకా పడుతుంది. కండరానికి కబురు అందాక కూడా బలం వెంటనే పుట్టదు. కండరం బిగుసుకుని, ఆ బిగువు స్నాయువుల మీదుగా పాదానికి చేరి, బ్లాకు మీద ఒత్తిడి పెరిగి, యంత్రం పెట్టుకున్న మట్టం దాకా ఎక్కాలి. అన్నీ కూడితే ఎంత కుదించినా పదో వంతు సెకను పడుతుందన్న అంచనా మీద ఈ నిబంధన నిలబడి ఉంది. అంతకంటే ముందు కదిలినవాడు చప్పుడు విని కదలలేదు, ఊహించి కదిలాడు అని నిబంధన తేల్చేస్తుంది.

ఇక దూరం లెక్క. దీనికి 2009 ఆగస్టులో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ పరిగెత్తిన 9.58 సెకన్ల పరుగును మించిన ఉదాహరణ లేదు. ప్రతి ఇరవై మీటర్లకు అతనికెంత పట్టిందో పద్ధతిగా కొలిచి పెట్టారు. వంద మీటర్లను 9.58తో భాగిస్తే సగటున సెకనుకు 10.4 మీటర్లు, అంటే వందో వంతు సెకనుకు 10.4 సెంటీమీటర్లు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ పరుగులో సగటు వేగంతో సాగిన భాగం దాదాపు లేదు.

మొదటి ఇరవై మీటర్లకు బోల్ట్‌కు 2.89 సెకన్లు పట్టింది. అందులో 0.146 అతని రియాక్షన్ టైమ్. ఆ కాసేపు అతను బ్లాకుల్లోనే ఉన్నాడు. దాన్ని తీసేస్తే వందో వంతుకు 7.3 సెంటీమీటర్లు. తర్వాతి ఇరవై మీటర్లలో అది 11.4కు పెరిగింది. నలభై నుంచి అరవై మధ్య 12. అరవై నుంచి ఎనభై మధ్య 1.61 సెకన్లలో వెళ్ళాడు, అంటే వందో వంతుకు 12.4 సెంటీమీటర్లు. గంటకు 44.7 కిలోమీటర్ల వేగమది. మనిషి కాళ్ళ మీద అంతకు మించిన వేగం ఎవరూ నమోదు చేయలేదు. ఆఖరి ఇరవై మీటర్లలో కాస్త తగ్గి మళ్ళీ 12కు వచ్చింది. చివర్లో బోల్ట్ వేగం పుంజుకున్నట్టు మనకు కనిపించేది భ్రమే. అతను కూడా నెమ్మదిస్తున్నాడు. పక్కవాళ్ళు ఇంకా ఎక్కువ నెమ్మదిస్తున్నారు.

మరి బ్లాకుల మీద? పాదం నెట్టడం మొదలైన ఆ తొలి వందో వంతు సెకనులో శరీరం ఎంత కదులుతుంది? స్ప్రింటర్ బ్లాకుల్లోంచి లేచేటప్పుడు అతని త్వరణం గురుత్వాకర్షణ త్వరణానికి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. సెకనుకు సెకనుకు పది మీటర్లు అనుకుందాం. స్కూల్లో చదువుకున్న సూత్రమే, త్వరణంలో సగాన్ని కాలవర్గంతో గుణించాలి. వచ్చేది అర మిల్లీమీటరు. గమ్యం దగ్గర పన్నెండు సెంటీమీటర్లు చేసే కాలమే బయలుదేరే చోట అర మిల్లీమీటరు చేస్తుంది. రెండింటికీ తేడా 240 రెట్లు.

అంత చిన్న కదలిక కోసం ఇంత పట్టింపు ఎందుకని అడగొచ్చు. ఎందుకంటే బయలుదేరడంలో పోయిన వందో వంతు దారిలో చిన్నదవదు. ఇద్దరు కవలలు అచ్చంగా ఒకేలా పరిగెత్తగలరనుకోండి. ఒకడు వందో వంతు ఆలస్యంగా లేచాడు. మొదట్లో వాళ్ళ మధ్య ఎడం కంటికి ఆనదు. ఇద్దరూ వేగం పుంజుకునేకొద్దీ ఆ ఎడం పెరుగుతూ పోయి గమ్యం దగ్గర పన్నెండు సెంటీమీటర్లు అవుతుంది. కాలంలో తేడా మొదటి నుంచి చివరిదాకా వందో వంతే, సెంటీమీటర్లే పెరుగుతాయి. బెర్లిన్‌లో బోల్ట్ 0.146కు బదులు అనుమతి ఉన్నంత త్వరగా, 0.100కే లేచి ఉంటే, మిగతా పరుగు అలాగే సాగి ఉంటే, గమ్యం దగ్గర మరో అర మీటరు పైగా ముందుండేవాడు. ప్రపంచ రికార్డు 9.54 దరిదాపుల్లో ఉండేది.

అలాగని త్వరగా లేచినవాడే గెలుస్తాడనీ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ వంద మీటర్ల ఫైనల్లో ఫ్రెడ్ కెర్లీ రియాక్షన్ టైమ్ 0.108. నోవా లైల్స్‌ది 0.178. అంటే తుపాకీ మోగగానే లైల్స్ ఏడు వందో వంతులు వెనకబడ్డాడు. గమ్యం దగ్గరి వేగంలో చెప్పాలంటే ఎనభై సెంటీమీటర్ల పైమాట. ముప్పై మీటర్ల దగ్గర అతను ఎనిమిది మందిలో అందరికంటే వెనక ఉన్నాడు. చివరికి బంగారు పతకం అతనిదే, కెర్లీ 9.81తో మూడో స్థానం. రెండో స్థానంలో వచ్చిన జమైకా కుర్రాడు కిషేన్ థాంప్సన్, లైల్స్ ఇద్దరికీ బోర్డు మీద 9.79 అనే కనిపించింది. ఫోటో ఫినిష్ చిత్రంలో వెయ్యో వంతుల దాకా చదివితే లైల్స్ 9.784, థాంప్సన్ 9.789. తేడా 0.005, అంటే సుమారు ఆరు సెంటీమీటర్లు. లెక్కలోకి వచ్చేది మొండెం, తలా చెయ్యీ పాదమూ కాదు. ఆ చిత్రంలో థాంప్సన్ పాదం ముందే గీత దాటినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళు చాలామంది అతనే గెలిచాడనుకున్నది అందుకే.

ఇప్పుడు అలెన్ దగ్గరికి వద్దాం. హర్డిల్స్‌లో వేగం తక్కువ. 110 మీటర్లను 13 సెకన్లలో అంటే వందో వంతుకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. వెయ్యో వంతుకు సెంటీమీటరు కూడా రాదు. గమ్యం దగ్గర అతనికి దక్కే లాభం ఏదైనా ఉంటే అంతే. బ్లాకుల మీద అయితే, పూర్తి త్వరణంతో కదిలాడనుకున్నా, వెయ్యో వంతు సెకనులో శరీరం జరిగేది మిల్లీమీటరులో రెండు వందల వంతుల్లో ఒక వంతు. తల వెంట్రుక మందంలో పదో భాగం కూడా కాదు. ఏ కెమెరాకూ, ఏ రెఫరీ కంటికీ దొరికేది కాదు. యంత్రం తప్ప సాక్షి లేడు.

ఆ యంత్రాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఒకే మాట లేదు. ఇంగ్లండులో మాథ్యూ పెయిన్, ఆంజెలా హిబ్స్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చప్పుడు విన్నాకే కదిలిన వాళ్ళలో కూడా 0.085 కంటే తక్కువ స్పందన సాధ్యమేనని చెప్పారు. ఫిన్లాండులో పావో కోమి బృందం అంతర్జాతీయ సమాఖ్య కోసమే పరిశోధన చేసి, హద్దును 0.080-0.085కు దించమని 2009లో సూచించింది. సమాఖ్య దించలేదు. మరోవైపు బీజింగ్ ఒలింపిక్స్‌లో నమోదైన రియాక్షన్ టైములను విశ్లేషించిన మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో దాదాపు తలకిందులైన మాట చెప్పారు. ఆ లెక్కల ప్రకారం పురుషులకు 0.109, మహిళలకు 0.121 కంటే తక్కువ రావడం దాదాపు అసాధ్యం. అంటే 0.100 గీత ఒకరి లెక్కలో మరీ కఠినం, ఇంకొకరి లెక్కలో మరీ ఉదారం.

ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ప్రయోగశాలలో బలం కొద్దిగా పెరగడం మొదలైన చోటే గుర్తు పెడతారు. మైదానంలో యంత్రం బలం ఒక మట్టం దాకా ఎక్కేదాకా ఆగుతుంది. గ్రాఫు గీత ఒకటే, గుర్తు ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. మహిళల అంకె ఎక్కువగా రావడానికీ ఆ పరిశోధకులు చెప్పిన కారణం అలాంటిదే. మహిళల కండరాల్లో బలం పుంజుకునే తీరు వేరు కాబట్టి, అందరికీ ఒకే మట్టం పెడితే వాళ్ళు ఆ మట్టం చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. త్వరగా స్పందించినా అంకె ఆలస్యంగా చూపిస్తుంది. దీనివల్ల ఒక వింత జరుగుతుంది. ఊహించి ముందే కదిలిన మహిళ అదే తప్పు చేసిన పురుషుడికంటే పట్టుబడే అవకాశం తక్కువ.

యూజీన్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పోటీల్లో రియాక్షన్ టైములు మొత్తం మీద అంతకు ముందు చాంపియన్‌షిప్స్ కంటే తక్కువగా వచ్చాయని లెక్కలు చూసినవాళ్ళు గమనించారు. మహిళల వంద మీటర్ల సెమీఫైనల్లో జూలియన్ ఆల్ఫ్రెడ్ 0.095తో వెనుదిరిగింది. రెండేళ్ళ తర్వాత పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన అమ్మాయే ఆమె. నా ఉద్దేశంలో అక్కడ పరిశీలించాల్సింది అలెన్ చెవులను కాదు, ఆ యంత్రం పెట్టుకున్న మట్టాన్ని. అనిశ్చితి ఉన్న కొలతతో ఒక్క వెయ్యో వంతు దగ్గర తీర్పు చెప్పడం కొలతల శాస్త్రానికి పడని పని.

ఇలాంటి తీర్పు ఇంతగా గుచ్చుకోవడానికి మరో కారణం నిబంధనలు బిగుసుకుంటూ రావడం. ఒకప్పుడు ప్రతివాడికీ ఒక తప్పు మాఫీ ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్లో అంతకు ముందు స్వర్ణ విజేత లిన్‌ఫర్డ్ క్రిస్టీ బయటికి వెళ్ళింది రెండో తప్పుకు, అప్పుడు అతని అంకె 0.086. 2003 నుంచి ఆ మాఫీ మనిషికి కాకుండా పరుగు మొత్తానికి ఒకటే అయింది. మొదటి తప్పు ఎవరు చేసినా రెండో తప్పు చేసినవాడు అవుట్. ఆ ఏడాదే పారిస్‌లో 0.052తో దొరికిన జాన్ డ్రమండ్ ‘నేను కదల్లేదు’ అంటూ ట్రాక్ మీద వెల్లకిలా పడుకుని పోటీలనే ఆపేశాడు. ఈ పద్ధతిలో మరో కిటుకు కూడా ఉంది. స్టార్ట్ బాగా లేనివాడు కావాలని మొదటి తప్పు చేస్తే మిగతావాళ్ళు భయపడి ఆలస్యంగా లేచేవారు. 2010 నుంచి మాఫీ అన్నదే లేదు. ఆ మరుసటి ఏడాదే దేగూలో బోల్ట్ ఫైనల్ నుంచి వెళ్ళిపోయాడు. అది వెయ్యో వంతుల తగాదా కాదు, అతను తుపాకీ మోగక ముందే బ్లాకుల్లోంచి లేచిపోయాడు.

అయితే అంకె ఒక్కటే ఎప్పుడూ తీర్పు కాదని తెలుగువాళ్ళకు బాగా గుర్తుండాల్సిన పరుగు ఒకటి ఉంది. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మహిళల వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి పక్క లేనులో చైనా హర్డ్‌లర్ వు యన్ని. ‘సెట్’ అన్నాక తుపాకీ మోగకముందే యన్ని కదిలింది, ఆ కదలిక చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు మొదట ఇద్దరినీ తప్పించారు. జ్యోతి అక్కడే నిలబడి అభ్యంతరం చెప్పింది. వీడియో మళ్ళీ చూశాక, తుది నిర్ణయం తర్వాత చెబుతామన్న షరతు మీద ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు.

ఈ షరతు పరుగు నిబంధనల్లోనే ఉంది. రెఫరీకి ఏమాత్రం అనుమానమున్నా అభ్యంతరం చెప్పినవాళ్ళను పరిగెత్తనిచ్చి, లెక్క తర్వాత తేల్చవచ్చు. కానీ సమాఖ్య ఆమోదం పొందిన యంత్రం 0.100 లోపు చూపిస్తే, ఆ యంత్రం స్పష్టంగా తప్పు చూపిస్తోందని తేలితే తప్ప ఆ అవకాశం ఇవ్వకూడదు. అలెన్‌కు తలుపు మూసింది ఈ ముక్కే. జ్యోతికి తెరిచింది ఇంకో ముక్క. ఒకరు కదిలితే పక్కవాళ్ళు కూడా కదలడం సహజమని, కాబట్టి మొదట కదిలి తప్పుకు కారణమైనవాళ్ళనే బాధ్యుల్ని చేయాలని నిబంధనల పుస్తకం స్టార్టర్లకు చెబుతుంది.

పరుగులో యన్ని రెండో స్థానంలో, జ్యోతి మూడో స్థానంలో వచ్చారు. ఆ తర్వాత యన్నిని అనర్హురాలిగా ప్రకటించి జ్యోతికి రజతం ఇచ్చారు. ఆమె సమయం 12.91 సెకన్లు. సగటున వందో వంతుకు 7.7 సెంటీమీటర్లు, మధ్యలో పది హర్డిల్స్ దాటుతూ.